శుక్రవారం కల్లా, శుక్రవారం దాకా

"సబ్మిట్ ది ఫారం టిల్ ఫ్రైడే." ఫారం ఇవ్వడానికి శుక్రవారమే ఆఖరు రోజు అని చెప్పాలనుకున్న మనిషి రాసిన వాక్యం ఇది. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఆఫీసు పని మీద ఇంగ్లిష్ రాయాల్సి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే రాస్తారు. గని ఆఫీసు గుమాస్తా, కాంట్రాక్టు సంస్థలో సూపర్‌వైజరు, డిప్లొమా ముగించి అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు, బడిలో సర్క్యులర్ టైపు చేసే టీచరు, అందరూ రాస్తారు. చదివేది మనవాళ్లే అయితే ఇబ్బంది లేదు, రాసినవాళ్ల మనసులో ఉన్నది వాళ్లకు అందుతుంది. ఇంగ్లిష్ బాగా తెలిసిన బయటి మనిషి చదివితే మాత్రం అర్థం మారిపోతుంది. సోమవారం ఒక ఫారం ఇవ్వు, మంగళవారం ఇంకొకటి ఇవ్వు, శుక్రవారం వచ్చేదాకా ఇస్తూనే ఉండు అని ఆ వాక్యం చెబుతుంది.

దిద్దడానికి ఒక్క మాట మారిస్తే చాలు: "సబ్మిట్ ది ఫారం బై ఫ్రైడే." అయితే ఈ ఒక్క వాక్యాన్ని బట్టీ పట్టి లాభం లేదు, ఇంకో వాక్యంలో అదే తప్పు మళ్లీ దొర్లుతుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తేనే చేతిలోంచి పోతుంది.

మన మాటలోంచే వస్తోంది. తెలంగాణలో రోజూ వినే రెండు వాక్యాలు తీసుకోండి. "సాయంత్రం వరకు ఇంటికాడనే ఉంట." "సాయంత్రం వరకు ఇంటికొస్త." రెండింటిలోనూ 'వరకు' ఉంది. మొదటివాడు సాయంత్రం దాకా ఇల్లు కదలడు. రెండోవాడు సాయంత్రమయ్యేసరికి ఇంటికి చేరతాడు. ఒకటి ఆ సమయమంతా సాగే పని, రెండోది ఆ సమయం దాటకముందు ఏదో ఒక క్షణంలో జరిగిపోయే పని. వినేవాడు ఒక్కసారి కూడా పొరబడడు, ఎందుకంటే తేడాను క్రియ చెప్పేస్తుంది. ఉండటం సాగుతుంది, రావడం ఒక్కసారి జరుగుతుంది. తెలుగులో ఈ లెక్క వినేవాడు చూసుకుంటాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాడే చూసుకుని, సాగే పనికి 'అన్‌టిల్' గానీ 'టిల్' గానీ, జరిగిపోయే పనికి 'బై' గానీ ఎంచుకోవాలి. మనం 'వరకు' అనుకుంటూ 'టిల్' రాసేస్తాం. చిక్కు అక్కడే.

మనం ఒంటరివాళ్లం కూడా కాదు. హిందీలో 'తక్' అన్న మాట అచ్చంగా మన 'వరకు' లాంటిదే. "శుక్రవార్ తక్ జమా కరేఁ" అంటే శుక్రవారం ఆఖరు, "శుక్రవార్ తక్ రుకియే" అంటే శుక్రవారం దాకా ఆగండి. జర్మన్‌లో 'బిస్' అన్న మాట కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకే ఇంగ్లిష్ నేర్చుకునే జర్మన్లు కూడా మనలాగే పొరబడతారు.

బొగ్గు బెల్టులో ఈ తప్పు ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. గనుల భద్రత చూసే డీజీఎంఎస్‌కూ, బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ సంస్థకూ ప్రధాన కార్యాలయాలు జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లో ఉన్నాయి. ఇక్కడి నుంచి వెళ్లే కాగితాన్ని అక్కడ చదివేవారిలో హిందీలో ఆలోచించేవాళ్లు ఎక్కువ. మన 'వరకు' ఇంగ్లిష్‌లో 'టిల్' అయి వెళితే, వాళ్లు దాన్ని 'తక్' అని చదువుకుంటారు. ఇద్దరికీ అర్థమైంది కాబట్టి తప్పు అలాగే మిగిలిపోతుంది. దాని బండారం బయటపడే చోట్లు వేరే ఉన్నాయి: విదేశీ యంత్రాల కంపెనీకి పంపే ఈమెయిలు, ఉద్యోగ ఇంటర్వ్యూలో రాత పరీక్ష, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చేరిన పిల్లలు తమ మేనేజరుకు రాసే మొదటి మెసేజ్, ఇక అన్నిటికంటే ముఖ్యంగా గడువు దాటిందా లేదా అని ఇద్దరు తగువుపడే రోజు.

రోగం మన మాటలో ఉంటే మందు కూడా అక్కడే ఉంది. తెలుగులో ఈ రెండు అర్థాలకూ విడి మాటలున్నాయి. 'కల్లా', 'లోపు', 'లోగా' ఒక జట్టు. 'దాకా' ఇంకో జట్టు. 'వరకు' రెండు జట్లలోనూ తిరుగుతుంది. కాబట్టి ఇంగ్లిష్ వాక్యం రాసే ముందు మనసులో ఉన్న 'వరకు'ను తీసి దాని చోట 'కల్లా' పెట్టి చూడండి. "సాయంత్రం కల్లా ఇంటికొస్తా" బాగుంది, కాబట్టి 'బై'. "సాయంత్రం కల్లా ఇంట్లోనే ఉంటా" అతకలేదు, మనం చెప్పాలనుకున్నది చెప్పడం లేదు, కాబట్టి 'అన్‌టిల్'. "శుక్రవారం కల్లా ఫారం ఇవ్వాలి" అతికింది. 'బై'. "శుక్రవారం కల్లా కౌంటరు తెరిచి ఉంటుంది" అంటే అర్థం మారింది, కౌంటరు ఎప్పుడో శుక్రవారంలోపు తెరుస్తారన్నట్టుంది. మనం చెప్పాలనుకున్నది 'దాకా', కాబట్టి 'అన్‌టిల్'. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే, బస్‌స్టాండులో నిలబడి ఫోన్లో మెసేజ్ కొడుతూ కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు.

గనిలో షిఫ్టు మారేటప్పుడు రిజిస్టర్లో రాసే మాటల్లో ఈ తేడా ఎంత బరువైనదో చూడండి. భూగర్భ గనిలో ఊరే నీళ్లు సంపులో చేరతాయి, అక్కడి నుంచి పంపు పైకి తోడుతుంది. పంపు ఆగితే నీళ్లు పెరుగుతాయి. ఓవర్‌మన్ పంపు దగ్గరి మనిషితో "అన్నా, రెండో షిఫ్టు వరకు పంపు నడిపియ్" అంటాడు, ఇంకో రోజు "రెండో షిఫ్టు వరకు పంపు బాగుజెయ్" అంటాడు. నోటి మాటలో రెండూ స్పష్టం. ఇంగ్లిష్‌లో రిజిస్టర్‌కెక్కేసరికి మొదటిది "కీప్ ది పంప్ రన్నింగ్ అన్‌టిల్ ది సెకండ్ షిఫ్ట్", రెండోది "రిపేర్ ది పంప్ బై ది సెకండ్ షిఫ్ట్" కావాలి. రెండోదాన్ని "రిపేర్ ది పంప్ టిల్ ది సెకండ్ షిఫ్ట్" అని రాస్తే, రెండో షిఫ్టు వచ్చేదాకా రిపేరు చేస్తూ ఉండు, తర్వాత వదిలెయ్ అని అర్థం. బాగు కావాలన్న షరతు ఆ వాక్యంలో ఎక్కడా లేదు. రెండో షిఫ్టు వాళ్లు దిగేసరికి పంపు పనిచేస్తూ ఉండాలన్నదే అసలు విషయం, అదే కాగితం మీదికి రాలేదు.

ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కాలి, ఎందుకంటే రెండు మాటలూ సరిపోయే క్రియలు కొన్ని ఉన్నాయి. "ఐ విల్ బి ఎట్ ది మైన్ బై టెన్" అంటే పదికల్లా గని దగ్గర ఉంటాను, అంటే చేరతాను. "ఐ విల్ బి ఎట్ ది మైన్ అన్‌టిల్ టెన్" అంటే పది దాకా ఉంటాను, తర్వాత వెళ్లిపోతాను. రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే. ఎవరైనా మిమ్మల్ని పదిన్నరకు కలవడానికి వస్తే, మొదటి వాక్యం రాస్తే దొరుకుతారు, రెండోది రాస్తే దొరకరు. ఇలాంటి చోట తప్పును పట్టడానికి వ్యాకరణం పనికిరాదు. మీ మనసులో ఉన్నది చేరడమా, ఉండటమా అన్నది మీరే తేల్చుకోవాలి.

సెలవు చీటీల్లో దీనికి తిరగబడ్డ తప్పు కనిపిస్తుంది. 'టిల్' తప్పని ఎవరో చెప్పగానే అన్నిచోట్లా 'బై' పెట్టేస్తారు. "ఐ విల్ బి ఆన్ లీవ్ బై ఫ్రైడే" అని రాస్తారు. శుక్రవారం దాకా సెలవులో ఉంటానని చెప్పబోయి, శుక్రవారానికల్లా సెలవులోకి వెళ్లిపోయి ఉంటానని చెప్పినట్టయింది. సెలవు సాగేది కాబట్టి 'అన్‌టిల్' రావాలి. నిజానికి సెలవు చీటీలో 'అన్‌టిల్' కూడా సరిపోదని నా అభిప్రాయం. "లీవ్ అన్‌టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా సెలవేనా, శుక్రవారం డ్యూటీకి వస్తాడా? ఇంగ్లిష్‌వాళ్లే దీన్ని రెండు రకాలుగా చదువుతారు. మస్టర్ పడిందా లేదా అన్నది జీతం లెక్క కాబట్టి అక్కడ సందేహం ఉండకూడదు. "లీవ్ ఫ్రమ్ మండే టు థర్స్‌డే, బోత్ డేస్ ఇన్‌క్లూజివ్. ఐ విల్ రిజాయిన్ ఆన్ ఫ్రైడే" అని రాసి, ప్రతి రోజు పక్కనా తేదీ వెయ్యండి. తిరిగి చేరే రోజు విడిగా చెప్పాక ఇక ఎవరూ ప్రశ్న అడగరు.

'అన్‌టిల్' ముందు 'నాట్' చేరితే వాక్యం మొత్తం తిరిగిపోతుంది. ఈ భాగాన్ని గనిలో పనిచేసేవాళ్లు మిగతా అన్నిటికంటే శ్రద్ధగా చదవాలి. భూగర్భంలో బొగ్గును పేల్చిన తర్వాత పొగ, విషవాయువులు పోవాలి, పై కప్పు గట్టిగా ఉందో లేదో బాధ్యత గల మనిషి చూడాలి, అప్పుడే మిగతావాళ్లు ఆ చోటికి తిరిగి వెళ్లాలి. ఇంగ్లిష్‌లో దీన్ని "డు నాట్ ఎంటర్ అన్‌టిల్ ది ప్లేస్ హాజ్ బీన్ ఇన్‌స్పెక్టెడ్" అంటారు. తనిఖీ అయ్యేదాకా లోపలికి వెళ్లొద్దు, అయ్యాక వెళ్లొచ్చు అని దాని అర్థం. నిషేధం సాగుతూ వచ్చి తనిఖీ దగ్గర ముగుస్తుంది, కాబట్టి ఇది 'అన్‌టిల్' ఉండాల్సిన చోటే. ఇక్కడ 'బై' అసలు నిలవదు.

ఇప్పుడు అదే అమరికను ఆఫీసు గడువుకు వాడితే ఏమవుతుందో చూడండి. శుక్రవారం తర్వాత ఫారాలు తీసుకోం అని చెప్పాలనుకుని ఒకరు "ఫారమ్స్ విల్ నాట్ బి యాక్సెప్టెడ్ అన్‌టిల్ ఫ్రైడే" అని రాశారనుకుందాం. దీని అర్థం శుక్రవారం వచ్చేదాకా ఫారాలు తీసుకోం, శుక్రవారం నుంచి తీసుకుంటాం అని. చెప్పాలనుకున్నదానికి పూర్తిగా ఎదురు. "సబ్మిట్ టిల్ ఫ్రైడే" లాంటి తప్పును పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. ఈ తప్పును సర్దుకునే వీలు లేదు, ఎందుకంటే వాక్యం వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంది. నమ్మి శుక్రవారం దాకా ఆగిన మనిషి వెళ్లేసరికి గడువు చివరి గంటల్లో ఉంటుంది. ఆపేసే రోజు చెప్పాలంటే 'అన్‌టిల్' జోలికి పోకుండా 'ఆఫ్టర్' వాడాలి: "ఫారమ్స్ విల్ నాట్ బి యాక్సెప్టెడ్ ఆఫ్టర్ ఫ్రైడే."

ఇప్పుడు ఒక పూర్తి నోటీసు తీసుకుని దిద్దుదాం. ఏదో ఒక గని ఆఫీసులో కుటుంబ సభ్యుల వివరాల ఫారాలు సేకరిస్తున్నారని ఊహించుకోండి. ఆఖరు రోజు 2025 అక్టోబరు 24, శుక్రవారం. మొదటి చిత్తుప్రతి ఇలా ఉంది: "ఆల్ ఎంప్లాయీస్ షుడ్ సబ్మిట్ ది ఫారమ్స్ టిల్ ఫ్రైడే. ది కౌంటర్ విల్ బి ఓపెన్ బై ఫైవ్ పీఎం. ఎంప్లాయీస్ ఆన్ లీవ్ కెన్ సబ్మిట్ అన్‌టిల్ మండే. ది డేట్ విల్ నాట్ బి ఎక్స్‌టెండెడ్."

మొదటి వాక్యంలో 'సబ్మిట్' ఒక్కసారి జరిగే పని, 'కల్లా' అతుకుతుంది, కాబట్టి 'బై'. ఏ శుక్రవారమో చెప్పలేదు, తేదీ కావాలి. ఎన్ని గంటలకో కూడా కావాలి, ఎందుకంటే కౌంటరు మూసేది అర్ధరాత్రి కాదు. కాబట్టి "ఆల్ ఎంప్లాయీస్ మస్ట్ సబ్మిట్ ది ఫారం బై 5 పీఎం ఆన్ ఫ్రైడే, 24 అక్టోబర్ 2025" అవుతుంది. వారమూ తేదీ రెండూ రాయడం వృథా కాదు. టైపు చేసేటప్పుడు 24 బదులు 25 పడితే, అది శుక్రవారం కాదని చదివేవాడు వెంటనే పట్టేస్తాడు. తేదీ ఒక్కటే ఉంటే ఆ తప్పు ఎవరికీ కనపడదు. 'షుడ్' బదులు 'మస్ట్' పెట్టడం కూడా కావాలని చేసిందే. 'షుడ్' ఇస్తే మంచిదన్నట్టు వినిపిస్తుంది, 'మస్ట్' అంటే ఇచ్చి తీరాలి.

రెండో వాక్యంలో కౌంటరు తెరిచి ఉండటం సాగే పని. "ఓపెన్ బై ఫైవ్" అంటే ఐదింటికల్లా తెరుస్తారని. పొద్దున మొదటి షిఫ్టుకు దిగి మధ్యాహ్నం పైకొచ్చిన కార్మికుడు అది చదివి ఐదింటికి వెళ్దాం అనుకుంటే, వెళ్లేసరికి తలుపు వేస్తుంటారు. "ది కౌంటర్ విల్ బి ఓపెన్ ఫ్రమ్ 10 ఏఎం అన్‌టిల్ 5 పీఎం ఆన్ వర్కింగ్ డేస్" అని రాయాలి.

మూడో వాక్యం దగ్గర కాస్త ఆగాలి. "కెన్ సబ్మిట్ అన్‌టిల్ మండే"లో 'సబ్మిట్' ఉంది, 'అన్‌టిల్' ఉంది, అయినా ఇది తప్పు కాదు. 'కెన్' గానీ 'మే' గానీ చేరితే చెప్తున్నది ఇవ్వడం గురించి కాదు, ఇచ్చే వీలు గురించి. ఆ వీలు సోమవారం దాకా సాగుతుంది. మన పత్రికల్లో "20వ తేదీ వరకు దరఖాస్తు చేసుకోవచ్చు" అని వచ్చే వాక్యానికి సరైన ఇంగ్లిష్ రూపం ఇదే. అసలు తంటా ఇక్కడ మొదలవుతుందని నాకు అనిపిస్తుంది. 'చేసుకోవచ్చు' ఉన్న వాక్యం నుంచి 'అన్‌టిల్' నేర్చుకుని, 'చేయాలి' అన్న వాక్యంలోనూ దాన్నే పెడతాం. ఇదే లెక్కన "అప్లికేషన్స్ విల్ బి రిసీవ్డ్ అన్‌టిల్ ఫ్రైడే" సరైనదే, ఆఫీసు తీసుకుంటూ ఉంటుంది. "యువర్ అప్లికేషన్ మస్ట్ రీచ్ అస్ బై ఫ్రైడే" కూడా సరైనదే, మీ కాగితం ఒక్కసారే చేరుతుంది. తేదీ ఒక్కటే, తీసుకునేవాడి వైపు నుంచి చూస్తే 'అన్‌టిల్', ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే 'బై'. అయినా ఈ నోటీసులో మూడో వాక్యాన్ని కూడా "మస్ట్ సబ్మిట్ బై 5 పీఎం ఆన్ మండే, 27 అక్టోబర్ 2025" అని మారుస్తాను. ఒకే కాగితంలో ఒక గడువుకు 'బై', ఇంకోదానికి 'అన్‌టిల్' ఉంటే, రెండింటికీ ఏదో తేడా ఉందేమోనని పాఠకుడు వెతుక్కుంటాడు.

నాలుగో వాక్యం చివర "ఫారమ్స్ రిసీవ్డ్ ఆఫ్టర్ దీజ్ డేట్స్ విల్ నాట్ బి యాక్సెప్టెడ్" అని చేరిస్తే నోటీసు పూర్తవుతుంది.

'బై ఫ్రైడే' అంటే శుక్రవారం కలుస్తుందా? సాధారణ వాడుకలో కలుస్తుంది. శుక్రవారం ఇచ్చినా గడువులోపు ఇచ్చినట్టే. 'బిఫోర్ ఫ్రైడే' అంటే కలవదు, గురువారంతో సరి. ప్రభుత్వ కాగితాల్లో 'ఆన్ ఆర్ బిఫోర్' అని రాసేది ఈ సందేహం పూర్తిగా తీసేయడానికే. మాట కొంచెం బరువుగా ఉన్నా, డబ్బు, ఉద్యోగం, శిక్ష ముడిపడి ఉన్న గడువుకు దాన్నే వాడటం మేలు. 'లేటెస్ట్ బై ఫ్రైడే' అన్నది మన దేశంలోనే ఎక్కువగా నడిచే వాడుక. బయటివాళ్లకు రాసేటప్పుడు "బై ఫ్రైడే ఎట్ ది లేటెస్ట్" అనండి.

రాత్రి షిఫ్టు నడిచే ఊళ్లో రోజు ఎప్పుడు ముగుస్తుందన్నది కూడా ఒక ప్రశ్నే. రాత్రి దిగి తెల్లారి పైకొచ్చే షిఫ్టును ఏ తేదీకి కట్టాలి? 2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 32వ సెక్షన్ దీనికి ఒక లెక్క చెప్పేది. షిఫ్టు అర్ధరాత్రి దాటితే, దాటిన తర్వాత పనిచేసిన గంటలు ముందు రోజు కిందికే వచ్చేవి, ఆ మనిషికి తర్వాతి రోజు అతని షిఫ్టు ముగిసినప్పుడు మొదలయ్యేది. పని గంటలు, వారపు సెలవు లెక్కించడానికి పెట్టిన నియమం అది. ఆఫీసు గడువులకు, ఆన్‌లైన్ ఫారాలకు వర్తించేది కాదు. వెబ్‌సైటు గడియారం అర్ధరాత్రికి తేదీ మార్చేస్తుంది. కాబట్టి రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లకు "బై ది నైట్ షిఫ్ట్ ఆఫ్ థర్టీఫస్ట్" అని రాయొద్దు. అది 31 రాత్రి మొదలయ్యే షిఫ్టా, 31 తెల్లారి ముగిసే షిఫ్టా తేలదు. షిఫ్టు మొదలయ్యే ముందా, ముగిసేలోపా అన్నదీ తేలదు. "బై 6 ఏఎం ఆన్ 1 నవంబర్" అని గంట, తేదీ రాస్తే ఎవరూ అడగక్కర్లేదు. 'బై మిడ్‌నైట్ ఆన్ 31' అన్నా కొందరికి 30, 31ల మధ్య అర్ధరాత్రి తోస్తుంది. వెబ్‌సైట్లు 11.59 అని రాసేది అందుకే.

ఆఖరు రోజు ఆఫీసుకు సెలవైతే? కేంద్ర చట్టాలకు వర్తించే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కోర్టులోనో ఆఫీసులోనో ఫలానా గడువులోపు చేయాల్సిన పనికి ఆఖరు రోజున అది మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున చేసినా సకాలంలో చేసినట్టే. ఇది చట్టం పెట్టిన గడువుల మాట. కంపెనీ నోటీసుకో, కాలేజీ సర్క్యులర్‌కో ఇది దానంతటదే వర్తిస్తుందని ధీమాగా ఉండకండి. సెలవు రోజున పడే గడువు కనిపిస్తే, అంతకు ముందు పనిరోజునే ఇచ్చేసి, ముట్టినట్టు కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మీరే నోటీసు రాసేవాళ్లయితే తేదీ వేసేముందు క్యాలెండరు చూడండి. 'విదిన్ సెవెన్ డేస్ ఆఫ్ రిసీట్' అని ఉన్న చార్జిషీటుకు జవాబు రాస్తున్నా ఇదే జాగ్రత్త. అందుకున్న రోజును వదిలి మర్నాటి నుంచి లెక్కపెట్టడం మామూలు పద్ధతి, అయినా ఏడో రోజు దాకా ఆగకుండా ముందే ఇవ్వండి. అందుకున్న తేదీని కవరు మీదో కాపీ మీదో అప్పుడే రాసుకోండి. 'ఇన్ సెవెన్ డేస్' అని మాత్రం రాయకండి, అది ఏడు రోజుల తర్వాత అని కూడా వినిపిస్తుంది.

'టిల్', 'అన్‌టిల్' మధ్య అర్థంలో తేడా ఏమీ లేదు. 'టిల్' అన్నది 'అన్‌టిల్'కు కుదించిన రూపం అనుకుంటారు గానీ, ఇంగ్లిష్‌లో ముందు నుంచి ఉన్నది 'టిల్'. అందుకే దాని ముందు పైకామా పెట్టాల్సిన పనిలేదు. ఆఫీసు ఉత్తరంలో, ముఖ్యంగా వాక్యం మొదట్లో, 'అన్‌టిల్' హుందాగా ఉంటుంది. 'అన్‌టిల్' చివర ఒక్క ఎల్, 'టిల్' చివర రెండు. ఈ ఒక్క అక్షరం దగ్గరే ఎక్కువమంది స్పెల్లింగు తప్పుతారు. ఇంతకు మించి ఈ జంట గురించి తెలుసుకోవాల్సింది లేదు.

గడువు పెంచమని అడిగే ఉత్తరంలో మాత్రం 'బై'కి ఇంకో ముఖం ఉంది. "ది లాస్ట్ డేట్ ఈజ్ ఎక్స్‌టెండెడ్ బై టెన్" అంటే పదో తేదీకి పెంచారని కాదు, పది రోజులు పెంచారని. 'ఎక్స్‌టెండ్' పక్కన 'బై' వస్తే అది ఎంత పెరిగిందో చెబుతుంది, ఎక్కడికి చేరిందో చెప్పదు. ఎక్కడికో చెప్పాలంటే 'టు' గానీ 'అన్‌టిల్' గానీ రావాలి. పాత గడువు అక్టోబరు 24 అనుకోండి. "ఎక్స్‌టెండెడ్ బై ఫైవ్ డేస్" అన్నా, "ఎక్స్‌టెండెడ్ టు 29 అక్టోబర్" అన్నా చేరేది ఒక్క చోటికే. "ఎక్స్‌టెండెడ్ బై 29 అక్టోబర్" అంటే అర్థమే లేదు. 'పోస్ట్‌పోన్' అన్న క్రియదీ ఇదే దారి. పరీక్షను వారం రోజులు వాయిదా వేస్తే "పోస్ట్‌పోన్డ్ బై ఎ వీక్", వచ్చే శుక్రవారానికి వేస్తే "పోస్ట్‌పోన్డ్ టు నెక్స్ట్ ఫ్రైడే".

ఉత్తరంలో రెండూ కలిపి రాయడం అన్నిటికంటే నిక్కచ్చి. ఆసుపత్రిలో ఉన్న తండ్రి సంతకం కావాల్సి ఫారం ఆలస్యమవుతోందనుకోండి. "మై ఫాదర్ విల్ బి ఇన్ హాస్పిటల్ అన్‌టిల్ 26 అక్టోబర్. ప్లీజ్ ఎక్స్‌టెండ్ ది డేట్ బై ఫైవ్ డేస్, టు 29 అక్టోబర్. ఐ విల్ సబ్మిట్ ది ఫారం బై 5 పీఎం దట్ డే." ఆసుపత్రిలో ఉండటం సాగేది, పెంపు కొలత, ఇవ్వడం ఒక్కసారి జరిగేది. మూడు వాక్యాల్లో ఏ మాట ఎందుకు వచ్చిందో ఒక్కో క్రియనూ చూసి మీరే చెప్పగలిగితే, ఈ అధ్యాయం మళ్లీ తిరగేయాల్సిన పనిలేదు.